నాలుగు వాక్యాల్లో ఒక మిల్లు కథ: కొత్తవారికి రాసే మెయిల్‌లో కేస్ స్టడీ ఎంత ఉండాలి?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా బావకి ప్యానెల్ బోర్డులు కట్టే వర్క్‌షాప్ ఉంది. మిల్లులకీ, జీడిపప్పు యూనిట్లకీ, ఊరి నీళ్ల పంపులకీ కావాల్సిన ఎలక్ట్రికల్ బోర్డులు అక్కడే తయారవుతాయి. ఇరవై ఏళ్లుగా పనంతా నోటిమాట మీదే వచ్చింది. ఒకరి మిల్లులో చేసిన పని చూసి ఇంకొకరు పిలిచేవారు. ఇప్పుడు మిల్లుల లెక్కలు చాలావరకు కొడుకుల చేతికి వచ్చాయి. వాళ్లు విశాఖలోనో భువనేశ్వర్‌లోనో చదువుకుని తిరిగొచ్చినవాళ్లు. కొటేషన్ అడిగినా, బిల్లు పంపినా మెయిల్లోనే. అందుకని బావ కూడా గుణుపురం, కాశీనగర్, రాయగడ వైపు మిల్లులకీ, సరిహద్దు అవతల పాతపట్నం, టెక్కలి వైపు మిల్లులకీ మెయిల్ రాయాలనుకున్నారు.

ఆయన విన్న సలహాలు రెండు. "చేసిన పని ఒకటి రుజువుగా చూపించు, లేకపోతే ఎవరూ నమ్మరు" అన్నది ఒకటి. "మెయిల్ చిన్నగా ఉండాలి, లేకపోతే ఎవరూ చదవరు" అన్నది రెండోది. మొదటిది పాటిస్తే మెయిల్ పెరుగుతుంది, రెండోది పాటిస్తే రుజువు పోతుంది. ఇలాంటి మెయిల్ రాయడానికి కూర్చున్న చిన్న వ్యాపారులు చాలామంది ఆగిపోయేది ఇక్కడే. మా బావ మెయిల్‌నే ముందు పెట్టుకుని ఈ ముడి ఎక్కడ పడుతుందో, ఎంతవరకు విప్పవచ్చో చూద్దాం.

ముందు రెండు మాటలకి అర్థం

మనం ఎవరో తెలియని వ్యక్తికి, అతను అడగకుండానే, ఒక పని గురించి మనంతట మనం రాసే మెయిల్‌ని ఔట్‌రీచ్ మెయిల్ అంటారు. ఒకేసారి వేలమందికి పంపే ప్రకటన మెయిల్ వేరు. ఇది ఒక్కొక్కరికి, వాళ్ల పరిస్థితి కాస్త తెలుసుకుని రాసేది. చదివేవాడికి మన మీద నమ్మకమూ ఉండదు, కోపమూ ఉండదు. ఫోన్లో తెరిచి పైనున్న రెండు మూడు వాక్యాలు చూస్తాడు. తనకి సంబంధించినదే అనిపిస్తే కిందకి జరుపుతాడు.

కేస్ స్టడీ అంటే ఒక కస్టమర్ దగ్గర చేసిన పని కథ. ముందు ఎలా ఉంది, ఏం చేశాం, తర్వాత ఏమైంది అన్నవి అందులో ఉంటాయి. కంపెనీలు దీన్ని రెండు మూడు పేజీల పత్రంగా వేస్తాయి. అంత పెద్దది ఎందుకంటే, అప్పటికే కొనాలనే ఆలోచనలో ఉన్నవాడు, పక్క కంపెనీతో పోల్చుకుంటున్నవాడు దాన్ని చదువుతాడు. ఔట్‌రీచ్ మెయిల్ చదివేవాడు ఇంకా అక్కడికి రాలేదు. తనకి అసలు ఆ సమస్య ఉందో లేదో కూడా అతనికి తెలియదు.

తేడా అంతా ఇక్కడే ఉంది. పెద్ద కేస్ స్టడీ "ఈ పని వీళ్లు బాగా చేస్తారా?" అన్న ప్రశ్నకి జవాబు. మెయిల్లో పెట్టే చిన్న కేస్ స్టడీ జవాబివ్వాల్సింది వేరే ప్రశ్నకి: "ఇది నాకు సంబంధించినదేనా?" రెండో ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన చోట మొదటి ప్రశ్నకి జవాబు రాస్తే ఎంత బాగా రాసినా వివరాలు మీద పడ్డట్టే ఉంటుంది.

ఉదాహరణ అర్థం కావడానికి కావాల్సినంత కరెంటు సంగతి

మా బావ అమ్మాలనుకున్నది కెపాసిటర్ ప్యానెల్. బియ్యం మిల్లులో షెల్లరూ, పాలిషరూ, ఎలివేటర్లూ, బ్లోయర్లూ అన్నీ మోటార్ల మీదే నడుస్తాయి. మోటారు తీసుకునే కరెంటులో ఒక భాగం పని చేస్తుంది. ఇంకో భాగం మోటారులో అయస్కాంత శక్తి పుట్టడానికి వెళ్లి, మళ్లీ లైన్లోకి తిరిగొస్తుంది. మొత్తంలో పనికొచ్చే భాగం ఎంతో చెప్పే అంకె పవర్ ఫ్యాక్టర్. అది ఒకటికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

ఎక్కువ వోల్టేజీ మీద కరెంటు తీసుకునే హెచ్‌టీ కనెక్షన్లకి మా వైపు బిల్లు కేవీఏహెచ్ లెక్కన వస్తుంది. అంటే పనికొచ్చిన కరెంటే కాదు, ఊరికే వెళ్లి వచ్చిన కరెంటు కూడా యూనిట్లలో పడుతుంది. కెపాసిటర్ ప్యానెల్ పెడితే ఆ రాకపోకలు మిల్లులోనే మోటారుకీ కెపాసిటర్‌కీ మధ్య జరిగిపోతాయి, మీటరు దాకా రావు. అందుకే చేసే పని అంతే ఉన్నా బిల్లులో యూనిట్లు తగ్గుతాయి.

లెక్క చాలా సులువు. పాత పవర్ ఫ్యాక్టర్‌ని కొత్తదాంతో భాగిస్తే చాలు. పాతది 0.76, కొత్తది 0.95 అనుకోండి. భాగిస్తే 0.80. ఇంతకుముందు 100 యూనిట్లు పడిన పనికి ఇప్పుడు 80 పడతాయి.

మొదటి మెయిల్: తప్పేమీ లేదు, అయినా ఎవరూ చదవలేదు

బావ రాసిన మొదటి మెయిల్ నాకు చూపించారు. ఫోన్లో తెరిస్తే నాలుగు తెరల పొడవుంది. నడుమ ఒక పేరా ఇలా ఉంది:

"సదరు మిల్లులో సగటు లోడు 80 కిలోవాట్లు కాగా పవర్ ఫ్యాక్టర్ 0.76 ఉన్నందున, దానిని 0.95కు పెంచుటకు 42 కేవీఏఆర్ అవసరమని లెక్కించి, 50 కేవీఏఆర్ సామర్థ్యం గల ఆటోమేటిక్ ప్యానెల్‌ను ఆరు స్టెప్పులతో రూపొందించి, కెపాసిటర్ డ్యూటీ కాంటాక్టర్లు, మైక్రోప్రాసెసర్ రిలే, ఎగ్జాస్ట్ ఫ్యాన్ అమర్చి, మెయిన్ ఇన్‌కమర్ వద్ద సీటీ బిగించి..."

ఇందులో ఒక్క అంకె కూడా తప్పు కాదు. 80 కిలోవాట్ల లోడుని 0.76 నుంచి 0.95కి తేవాలంటే సుమారు 42 కేవీఏఆర్ కావాల్సిందే, కెపాసిటర్ల సామర్థ్యాన్ని కొలిచేది కేవీఏఆర్‌లోనే. ఆటోమేటిక్ ప్యానెల్ ఎందుకో, స్టెప్పులు ఎందుకో బావకి బాగా తెలుసు. మధ్యాహ్నం సగం మోటార్లు ఆగినప్పుడు కెపాసిటర్లన్నీ లైన్లోనే ఉంటే అవసరానికి మించిపోయి మళ్లీ ఇబ్బందే. లోడుని బట్టి కొన్నింటిని కలిపి కొన్నింటిని విడదీయడం మంచి పని. ఆ పనితనం చెప్పాలన్న ఆయన తపన నాకు అర్థమైంది. కానీ మిల్లు యజమాని కొడుకు దాన్ని అంచనా వేయలేడు. అంచనా వేయలేని వివరం నమ్మకం పెంచదు. "దీన్ని మన ఎలక్ట్రీషియన్ చూడాలి" అనుకుని మెయిల్ పక్కన పెట్టేస్తాడు. ఎలక్ట్రీషియన్ దాకా అది వెళ్లదు.

"ఇవన్నీ తీసేస్తే ఇంకేం మిగుల్తుందిరా, మనం గాలి కబుర్లు చెప్పినట్టుండదా?" అన్నారు బావ. న్యాయమైన భయమే. వివరాలన్నీ తీసేసి "మా ప్యానెల్ వల్ల కరెంటు బిల్లు భారీగా తగ్గింది" అని రాస్తే అది ప్రకటన అవుతుంది. ఏ వివరం ఉండాలి, ఏది పోవాలి అన్నదే అసలు ప్రశ్న.

ఏ వివరం ఉండాలి: చదివేవాడు తన దగ్గర చూసుకోగలిగేది

నేను పట్టుకున్న కొలత ఒకటే. ఆ వివరాన్ని చదివేవాడు తన చేతిలో ఉన్న కాగితంతోనో, తన కళ్లతోనో పోల్చుకోగలడా? పోల్చుకోగలిగితే ఉండాలి, లేకపోతే పోవాలి.

పవర్ ఫ్యాక్టర్ 0.76 అన్న అంకె ఉండాలి. ఎందుకంటే అది అతని బిల్లు మీద కూడా అచ్చయి ఉంటుంది. వెతికితే దొరుకుతుంది, దొరికితే తనది ఎక్కువో తక్కువో తెలుస్తుంది. 42 కేవీఏఆర్ అన్నది అతని దగ్గర ఎక్కడా లేదు, అది పోవాలి. హెచ్‌టీ కనెక్షన్ అన్న మాట ఉండాలి, తనదీ అదే కాబట్టి. ఆరు స్టెప్పులు పోవాలి. యూనిట్లు ఐదో వంతు తగ్గాయన్నది ఉండాలి. ఏ కాలానికి ఆ లెక్క అన్నది కూడా ఉండాలి, అది లేని ఫలితానికి అర్థం లేదు కాబట్టి.

అలా వడగట్టాక మిగిలిన మెయిల్ ఇది:

> సబ్జెక్ట్: మీ మిల్లు బిల్లులో పవర్ ఫ్యాక్టర్ ఎంత ఉంది?
>
> నమస్కారమండీ,
>
> పర్లాకిమిడిలో ప్యానెల్ బోర్డులు కట్టే వర్క్‌షాప్ మాది. మీది హెచ్‌టీ కనెక్షన్ అని తెలిసి రాస్తున్నాను.
>
> మన వైపే, హెచ్‌టీ కనెక్షన్ ఉన్న ఒక బియ్యం మిల్లులో పవర్ ఫ్యాక్టర్ 0.76 దగ్గర ఉండేది. దానివల్ల మోటార్లు చేసిన పనికి మించి బిల్లులో యూనిట్లు పడేవి. కెపాసిటర్ ప్యానెల్ పెట్టాక అది 0.95కి వచ్చింది. అంతే ధాన్యం ఆడించినా యూనిట్లు ఐదో వంతు తగ్గాయి. నాలుగు నెలల బిల్లులని అంతకుముందు ఏడాది అవే నెలలతో పోల్చి చెబుతున్న మాట ఇది.
>
> మీది ఇప్పటికే 0.95 పైన ఉంటే దీనివల్ల మీకు లాభం ఉండదు. తక్కువ ఉంటే పోయిన నెల బిల్లు ఫోటో పంపండి, మీకు ఎంత తగ్గుతుందో లెక్క వేసి చెబుతాను.

కథ మొత్తం నాలుగు వాక్యాల్లో అయిపోయింది, ఐదోది ఆ లెక్క ఏ నెలలదో చెప్పే మాట. ఎవరికి, ఏం ఇబ్బంది, ఏం చేశాం, ఏమైంది. చేసిన పని గురించి ఉన్నవి మూడే మాటలు: "కెపాసిటర్ ప్యానెల్ పెట్టాక". బావ పనితనమంతా ఆ మూడు మాటల్లో దాగిపోయిందని ఆయనకి కాస్త బాధ కలిగింది. కానీ చదివేవాడు ఈ దశలో తెలుసుకోవాలనుకునేది తన బిల్లు గురించే.

"లాభం ఉండదు" అన్న వాక్యం ఎందుకని కూడా బావ అడిగారు. కేస్ స్టడీ అన్నది ఒకే ఒక్క చోట జరిగింది. అది అందరికీ వర్తించదని చదివేవాడికి తెలుసు. ఎవరికి వర్తించదో మనమే చెబితే, మిగిలినవాళ్లకి తమకి వర్తించవచ్చన్న నమ్మకం కలుగుతుంది. పైగా పనికిరాని చోటికి టేప్ పట్టుకుని వెళ్లి రోజు పోగొట్టుకునే పని బావకి తప్పుతుంది.

అంకెలు కచ్చితంగానా, రౌండుగానా?

ఈ విషయంలో రెండు అభిప్రాయాలున్నాయి. కచ్చితమైన అంకె నిజంగా కొలిచినట్టుంటుంది, "19.8 శాతం" అంటేనే నమ్ముతారు అని కొందరంటారు. చదివేవాడి మనసులో నిలిచేది "ఐదో వంతు" లాంటి మాటేనని ఇంకొందరంటారు. నాకైతే రెండూ ఒకే మెయిల్లో వేర్వేరు చోట్ల పనికొస్తాయనిపిస్తుంది. బిల్లు మీద సరిచూసుకోవాల్సిన అంకె బిల్లు మీద ఉన్నట్టే ఉండాలి, 0.76 అంటే 0.76. ఊహించుకోవాల్సిన ఫలితం మాత్రం నోటితో చెప్పుకునే రూపంలో ఉండాలి. ఇంట్లో నాన్నకి ఆ అబ్బాయి ఈ మెయిల్ గురించి చెప్పేటప్పుడు "ఐదో వంతు తగ్గిందట" అనగలడు. 19.8 అనడు.

అయితే రౌండు చేయడం పెంచి చెప్పడానికి సాకు కాకూడదు. 17 శాతం తగ్గితే అది "ఆరో వంతు". ఐదో వంతు అని రాస్తే అబద్ధం.

సరిహద్దు దాటితే చెల్లని అంకె

మా ప్రాంతంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. పర్లాకిమిడి నుంచి పాతపట్నం కూతవేటు దూరం. మాటా, పెళ్లిళ్లూ, సంతా అన్నీ కలిసే ఉంటాయి. కానీ కరెంటు వేరు. ఇటువైపు గజపతి, రాయగడ జిల్లాలకి కరెంటు ఇచ్చేది టీపీఎస్ఓడీఎల్, ధర నిర్ణయించేది ఒడిశా విద్యుత్ నియంత్రణ కమిషన్. అటువైపు శ్రీకాకుళానికి ఏపీఈపీడీసీఎల్, ధర నిర్ణయించేది ఆంధ్రప్రదేశ్ కమిషన్. యూనిట్ ధరా, డిమాండ్ ఛార్జీ, ఏ కనెక్షన్ ఏ కేటగిరీలో పడుతుందన్నదీ ఎవరివి వాళ్లవే.

బావ మొదటి మెయిల్లో "నెలకి ఇన్ని వేల రూపాయలు మిగిలాయి" అని పెట్టారు. అది ఒడిశా మిల్లు లెక్క. అదే మెయిల్ టెక్కలి మిల్లుకి పోతే ఆ రూపాయలు తప్పుదారి పట్టిస్తాయి. చదివేవాడు అది తనకీ మిగులుతుందనుకుంటాడు. లేదా, కాస్త తెలిసినవాడైతే, "ఇది మన రేటు కాదు" అని గ్రహించి మొత్తం మెయిల్‌నే నమ్మడం మానేస్తాడు.

కేస్ స్టడీలో అంకెలు రెండు రకాలని ఇక్కడే తెలుస్తుంది. కొన్ని అంకెలు పనికి సంబంధించినవి. పవర్ ఫ్యాక్టర్ 0.76 నుంచి 0.95కి రావడం అలాంటిది. వంశధార ఇవతల మోటారైనా అవతల మోటారైనా ఒకేలా ప్రవర్తిస్తుంది. కొన్ని అంకెలు ఆ చోటు నియమాల వల్ల వచ్చినవి, రూపాయల ఆదా అలాంటిది. మొదటి రకం మెయిల్లో పెట్టవచ్చు. రెండో రకం ఆ నియమాలే వర్తించేవాళ్లకి మాత్రమే పెట్టాలి. "యూనిట్లు ఐదో వంతు" అన్నది కూడా కేవీఏహెచ్ లెక్కన బిల్లు వచ్చేవాళ్ల విషయంలోనే నిజం. మెయిల్లో "హెచ్‌టీ కనెక్షన్" అన్న రెండు మాటలు మోస్తున్న బరువు అదే. అవి తీసేస్తే వాక్యం చిన్నదవుతుంది, కానీ అబద్ధమవుతుంది.

రూపాయలు లేకపోతే చప్పగా ఉంటుందని అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో నిజముంది, వ్యాపారి చివరికి చూసేది డబ్బే. అందుకే మెయిల్ చివర అడిగినది బిల్లు ఫోటో. అది వస్తే రూపాయలు అతని రేటుతో, అతని బిల్లు మీదే లెక్కకట్టి చెప్పవచ్చు. వేరేవాడి రూపాయలకన్నా తన రూపాయలు పది రెట్లు ఆసక్తిగా ఉంటాయి.

ముందూ తర్వాతా: ఏ నెలని ఏ నెలతో పోల్చారు?

చిన్న కేస్ స్టడీలో ఎక్కువగా జరిగే తప్పు ఇది. చాలాసార్లు తెలియకుండానే జరుగుతుంది. మిల్లు ఏడాదంతా ఒకేలా నడవదు. ఖరీఫ్ ధాన్యం వచ్చే రోజుల్లో రాత్రి పగలు తిరుగుతుంది, ఎండాకాలం చివరికి వారానికి రెండు మూడు రోజులే తిరగవచ్చు.

లెక్క కోసం సులువైన అంకెలు తీసుకుందాం. ప్యానెల్ లేని డిసెంబరులో మిల్లు 4,000 క్వింటాళ్లు ఆడించింది, క్వింటాలుకి 4 యూనిట్ల చొప్పున బిల్లులో 16,000 యూనిట్లు పడ్డాయి. ఏప్రిల్‌లో ప్యానెల్ పెట్టారు. జూన్‌లో 1,000 క్వింటాళ్లే ఆడించింది, క్వింటాలుకి 3.2 చొప్పున 3,200 యూనిట్లు. రెండు బిల్లులూ పక్కపక్కన పెడితే యూనిట్లు 80 శాతం తగ్గినట్టు కనిపిస్తుంది! నిజంగా ప్యానెల్ తగ్గించింది క్వింటాలుకి 20 శాతమే. మిగిలినది ధాన్యం లేకపోవడం వల్ల తగ్గింది.

16,000 నుంచి 3,200 అన్న రెండు అంకెలూ బిల్లుల మీద ఉన్నవే. వాటిని మెయిల్లో పెడితే ఎవరూ తప్పని నిరూపించలేరు. కానీ మిల్లు నడిపేవాడికి డిసెంబరు, జూన్ అన్న మాటలు కనబడగానే విషయం తెలిసిపోతుంది. ఆ నెలలు దాచి రాస్తే అది మోసం. మెయిల్లో "అంతే ధాన్యం ఆడించినా", "అంతకుముందు ఏడాది అవే నెలలతో" అన్న మాటలు ఉన్నది ఇందుకే. రెండూ కలిపి ఏడు మాటలు. కుదించేటప్పుడు ముందు తీసేయాలనిపించేవి ఇవే. చదవడానికి అడ్డంగా ఉంటాయి, అందంగా ఉండవు. అయినా అవి పోతే ఫలితం నిలబడదు. పొడవు తగ్గించాలంటే పని వివరం తగ్గించాలి. ఫలితానికున్న షరతుని తగ్గించకూడదు.

ఇంకో తేడా కూడా ఉంటుంది. ఉప్పుడు బియ్యం చేసే మిల్లూ పచ్చి బియ్యం చేసే మిల్లూ ఒకే లోడు తీసుకోవు. నానబెట్టడం, ఆరబెట్టడం దగ్గర పంపులూ బ్లోయర్లూ అదనంగా తిరుగుతాయి. కథ ఉప్పుడు మిల్లుదైతే ఉప్పుడు మిల్లులకి రాసేటప్పుడు ఆ ఒక్క మాట చేర్చడం మంచిది. "మీలాంటి మిల్లు" అనేకన్నా "మీలాగే ఉప్పుడు బియ్యం చేసే మిల్లు" అన్నది ఒక్క మాట ఎక్కువే, కానీ చదివేవాడు తనని తాను అందులో చూసుకుంటాడు.

మిల్లు పేరు చెప్పాలా?

పేరు చెబితే నమ్మకం వస్తుంది, చదివేవాడు ఫోన్ చేసి కనుక్కోగలడు. కాబట్టి పేరు లేని కేస్ స్టడీ కేస్ స్టడీయే కాదనేవాళ్లున్నారు. బావది మరో వాదన. కరెంటు బిల్లు ఎంతో తెలిస్తే మిల్లు ఎంత తిరుగుతోందో తెలుస్తుంది, ఎంత తిరుగుతోందో తెలిస్తే వ్యాపారం ఎంతో తెలుస్తుంది. తన కస్టమర్ ఆ సంగతి పక్క మిల్లువాడికి తెలియాలని కోరుకోడు. ఆ వాదనే నాకు సబబనిపించింది. పేరు పెట్టాలంటే ముందు అనుమతి అడగాలి. నోటితో సరే అన్నా, పంపబోయే వాక్యాలు చూపించి అడగడం మేలు.

పేరు తీసేసినంత మాత్రాన మనిషి దాగడు, ముఖ్యంగా మా వైపు. బావ మొదటి మెయిల్లో పేరు లేదు కానీ ఊరుంది, గంటకి ఎన్ని టన్నులు ఆడిస్తుందో ఉంది, రంగు చూసి బియ్యం వేరుచేసే సార్టెక్స్ మెషీన్ కొత్తగా పెట్టారన్నది ఉంది. ఆ ఊళ్లో సార్టెక్స్ కొత్తగా పెట్టింది ఒక్కరే. చదివినవాడెవడైనా పేరు చెప్పేస్తాడు. విశాఖలో, హైదరాబాద్‌లో "ఒక మధ్యతరహా మిల్లు" అంటే పదుల మిల్లుల్లో ఒకటవుతుంది. తాలూకాలో నాలుగు మిల్లులున్న చోట ఏ రెండు వివరాలు కలిసినా మిల్లు దొరికిపోతుంది. అందుకే సవరించిన మెయిల్లో "మన వైపే" అని ఆపేశాం. వివరాలు తగ్గించడం వల్ల చదివేవాడికి ఎంత సుఖమో, కథలో ఉన్న మిల్లు యజమానికీ అంతే రక్షణ.

మిగతా వివరాలు ఎక్కడ పెట్టాలి?

తీసేసిన ఆరు స్టెప్పులూ, 42 కేవీఏఆర్ వృథా కాదు. అవి రెండో మెయిల్‌కి కావాలి. ఎవరైనా బదులిస్తే, వాళ్ల ఎలక్ట్రీషియన్ అడిగే మొదటి ప్రశ్నలు అవే. బావ వాటిని ఒక పేజీలో రాసి పెట్టుకున్నారు.

ఆ పేజీని మొదటి మెయిల్‌కే జత చేస్తే సరిపోదా అని కొందరంటారు. జీమెయిల్ 25 ఎంబీ దాకా ఒప్పుకుంటుంది కదా అని బావ కూడా పీడీఎఫ్‌తో పాటు తొమ్మిది ఫోటోలు పెట్టారు. పంపడానికి అడ్డులేదు. కానీ ముక్కూమొహం తెలియనివాడు పంపిన ఫైలు తెరవడానికి జనం భయపడతారు, భయపడటం సరైనదే కూడా. జత చేయకుండా లింకు ఇచ్చినా అదే అనుమానం. పైగా, తెరిచినా తెరవకపోయినా, ఫైలు ఉండగానే మెయిల్ "తర్వాత తీరిగ్గా చూడాల్సిన పని" అయిపోతుంది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. డిజైన్, పెయింటింగ్, కొమ్ముతో చేసే మా పర్లాకిమిడి బొమ్మల్లాంటి కంటితో చూసి కొనే పనులకి ఒక్క చిన్న ఫోటో నాలుగు వాక్యాలకన్నా ఎక్కువ చెబుతుంది. ప్యానెల్ అలాంటిది కాదు. రంగు వేసిన ఇనప పెట్టె ఫోటో చూసి ఎవరూ పవర్ ఫ్యాక్టర్ తెలుసుకోలేరు.

మొదటి మెయిల్లో కథే వద్దు, ఒక ప్రశ్న అడిగి వదిలేయాలి, జవాబొస్తేనే కథ చెప్పాలి అన్న వాదన కూడా ఉంది. మీ పేరు ఇప్పటికే తెలిసినవాళ్లకి అది సరిపోవచ్చు. ఏమీ తెలియనివాడికి "మీ పవర్ ఫ్యాక్టర్ ఎంత?" అని మాత్రమే రాస్తే, ఎందుకు అడుగుతున్నారో తెలియక జవాబివ్వడు. ఆ 'ఎందుకు'ని చెప్పేదే కథ.

ఏ భాషలో?

మా వైపు మిల్లుల్లో ఇంట్లో తెలుగు, గుమస్తాతో ఒడియా, కాగితం మీద ఇంగ్లిష్. బావ మొదటి మెయిల్ తెలుగులోనే ఉంది కానీ ఆ తెలుగు "సదరు", "పెంచుటకు" అన్న ఆఫీసు తెలుగు. చదివేవాడు ఎదురుగా కూర్చుంటే బావ అలా మాట్లాడరు. వివరం ఎక్కువైనట్టు అనిపించడానికి సగం కారణం ఆ భాషే. ఒకే విషయం "పవర్ ఫ్యాక్టర్ 0.76 దగ్గర ఉండేది" అంటే తేలిగ్గా దిగుతుంది. రాయగడ వైపు ఒడియా వాళ్ల మిల్లులకి ఇవే నాలుగు వాక్యాలు ఒడియాలో రాయించాం. కథ చిన్నదైతే ఇంకో భాషలోకి మార్చడం కూడా ఒక పూట పనే.

బదులు వచ్చాక

కాశీనగర్ వైపు నుంచి ఒక అబ్బాయి బిల్లు ఫోటో పంపాడు. మాట ఏమీ రాయలేదు, ఫోటో ఒక్కటే. బావ పెద్దది చేసి చూశారు. పవర్ ఫ్యాక్టర్ 0.93.

0.93ని 0.95తో భాగిస్తే 0.98. నూటికి రెండు యూనిట్లు తగ్గుతాయంతే. ప్యానెల్ ఖర్చు రావడానికి ఏళ్లు పడుతుంది. బావ వెంటనే రాశారు: "బాబూ, మీది బాగానే ఉంది. ఇప్పుడు ప్యానెల్ అక్కర్లేదు. కొత్త మోటార్లు పెట్టినప్పుడు మళ్లీ ఒకసారి బిల్లు చూసుకోండి." ఆ సాయంత్రం అదే అబ్బాయి ఇంకో ఫోటో పంపాడు. బిల్లే, కానీ కనెక్షన్ నంబరు వేరు. "ఇది మా మావయ్యగారి మిల్లుదండీ, 0.79 ఉంది. దీని సంగతి చూడండి."